పేరు ఎవరిది, మాట ఎవరిది: ఐఈఎల్‌టీఎస్ పఠన పరీక్షలో ఒక చిక్కు

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పఠన పరీక్షలో అభ్యర్థి 60 నిమిషాలలో మూడు వ్యాసాలు చదివి 40 ప్రశ్నలకు జవాబులివ్వాలి. వాటిలో ఒక రకం ప్రశ్న పైకి సులభంగా కనిపిస్తుంది. వ్యాసంలో కొందరు పరిశోధకుల పేర్లుంటాయి. కింద ఇచ్చిన వాక్యాలలో ఏది ఎవరికి చెందుతుందో గుర్తించాలి. వాక్యాలు వ్యాసంలోని వరుసలో రావు. ఒకే పేరు రెండు సార్లు జవాబు కావచ్చు. మరొకటి అసలు అవసరం కాకపోవచ్చు. భావం వ్యాసంలోదే, మాటలు మాత్రం వేరు.

బాలింత జ్వరం చరిత్ర మీద అటువంటి వ్యాసం ఒకటి ఉందనుకుందాం. 1795లో అబర్డీన్ వైద్యుడు అలెగ్జాండర్ గోర్డన్ తాను చూసిన రోగుల పట్టికను ప్రచురించి, ఆ జ్వరాన్ని ఎందరో స్త్రీలకు తానే మోసుకువెళ్ళానని రాశాడు. 1843లో బోస్టన్‌లో ఆలివర్ వెండెల్ హోమ్స్ పలువురు వైద్యులు తెలిపిన ఉదంతాలను ఒకచోట చేర్చి, అది అంటుకునే జబ్బని వాదించాడు. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ మిత్రుడొకడు శవపరీక్షలో కత్తి గాటు పడి మరణించాడు. అతని దేహంలో కనిపించిన మార్పులు బాలింతలలో చూసినవేనని గుర్తించిన సెమ్మెల్వైస్, విద్యార్థుల చేతులను బ్లీచింగ్ పౌడరు నీటితో కడిగించాడు.

ఇక ప్రశ్న: ‘ఇతరులు నమోదు చేసిన ఆధారాల మీద ఆధారపడ్డాడు.’ తొందరపడిన అభ్యర్థి ‘నమోదు’ అనగానే ‘పట్టిక’ను తలచుకొని గోర్డన్ అని రాస్తాడు. ఆ పట్టిక గోర్డన్ సొంత రోగులది. వాక్యానికి ప్రాణం ‘ఇతరులు’ అన్న మాటలో ఉంది; కనుక జవాబు హోమ్స్.

మరొకటి: ‘తన సేవలే కీడు తెచ్చాయని ఒప్పుకున్నాడు.’ విచిత్రంగా, ఇక్కడ తడబడేది విషయం తెలిసిన వైద్యుడే. సెమ్మెల్వైస్ 1861 నాటి గ్రంథంలో ఇటువంటి పశ్చాత్తాపమే ప్రకటించాడు. అది చదివిన వైద్యుడి చేయి ఆ పేరు మీదికే పోతుంది. కాని ఈ వ్యాసం ఆ సంగతి చెప్పలేదు. చెప్పింది గోర్డన్ గురించే.

కాబట్టి ముందుగా పేర్లు వెతికి గుర్తు పెట్టుకోవడం మంచిది. అవి రూపం మార్చుకోవు. అయితే రెండవసారి ఆ మనిషి ‘అబర్డీన్ వైద్యుడు’గానో, ‘అతడు’గానో రావచ్చు. పేరు చుట్టూ ఉన్న వాక్యాలు పూర్తిగా చదివాక, ప్రశ్నను ముక్కలు చేయాలి: ఎవరు చేశారు, దేని ఆధారంగా, ఎంత నిశ్చయంగా? ‘వాదించాడు’ అన్న దానికి ‘నిరూపించాడు’ సరిపోదు.

‘వైద్యుల వల్ల జబ్బు వ్యాపిస్తుందన్నాడు’ వంటి వాక్యం ముగ్గురికీ అతుకుతుంది. అటువంటిది సరైన ప్రశ్నపత్రంలో ఉండదు. ఒక వాక్యం ఇద్దరికి సరిపోయినట్లు తోస్తే, అందులో ఏదో ఒక ముక్కను అభ్యర్థి చదవకుండా వదిలేశాడన్నమాట.