టిక్కు పడింది, డబ్బు ఇంకా కదల్లేదు

యూపీఐలో డబ్బు పంపగానే తెర మీద పచ్చటి టిక్కు పడుతుంది. అవతలివాళ్ల ఫోన్‌కు డబ్బులు పడ్డట్టు మెసేజ్ వస్తుంది. నిజానికి ఆ క్షణానికి ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు ఒక్క రూపాయి కూడా చేరి ఉండదు. మీ బ్యాంకు తన లెక్కల్లో మీ పేరు మీద అంత తగ్గించి రాసుకుంది. అవతలి బ్యాంకు తన ఖాతాదారు పేరు మీద అంత కలిపి రాసుకుంది. అప్పటికి జరిగింది అంతే. రెండు బ్యాంకుల మధ్య అసలు సొమ్ము ఆ తర్వాత, మిగతా అందరి లెక్కలతో కలిపి, రిజర్వు బ్యాంకులో తేలుతుంది. ఈ సంగతి తెలిస్తే ‘డబ్బులు కట్ అయ్యాయి గానీ పడలేదు’ అన్న బాధ ఎక్కడ పుడుతుందో, ఆ డబ్బు వెంటనే వెనక్కి ఎందుకు రాదో కూడా తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సూర్యాపేటలో ఉన్న ఒక తండ్రి, విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురికి శనివారం రాత్రి మెస్ బిల్లు కోసం 4,500 రూపాయలు పంపుతున్నాడు. ఇద్దరివీ వేర్వేరు బ్యాంకులు.

ఆయన ఫోన్లో ఉన్న యాప్ బ్యాంకు కాదు. ఫోన్‌పే, గూగుల్‌పే వంటివి తమంతట తాము యూపీఐలోకి అడుగు పెట్టలేవు, ఏదో ఒక బ్యాంకు ద్వారానే రావాలి. యూపీఐ ఐడీలో @ తర్వాత ఉండే ముక్క ఆ బ్యాంకు ఏదో చెబుతుంది. @ybl అని ఉంటే యెస్ బ్యాంకు, @oksbi అని ఉంటే స్టేట్ బ్యాంకు. మీ ఖాతా కూడా అదే బ్యాంకులో ఉండాలని ఏమీ లేదు. అంటే మన ఉదాహరణలో తండ్రి ఖాతా ఉన్న బ్యాంకు, కూతురి ఖాతా ఉన్న బ్యాంకు కాక, వాళ్ల యాప్‌ల వెనక నిలబడ్డ బ్యాంకులు కూడా ఈ పనిలో ఉన్నాయి. వీటన్నిటి నడుమ ఉన్నది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే స్విచ్. 2010లో వచ్చిన ఐఎంపీఎస్ మీద కట్టి, 2016 ఏప్రిల్‌లో యూపీఐని మొదలుపెట్టింది ఈ సంస్థే. స్విచ్ దగ్గర ఎవరి డబ్బూ ఉండదు. ఎవరిని ఏం అడగాలో అడుగుతుంది, ఎవరు ఏం జవాబిచ్చారో రాసి పెట్టుకుంటుంది.

తండ్రి కూతురి నంబరు కొట్టగానే మొదటి ప్రశ్న వెళుతుంది: ఈ ఐడీ ఎవరిది? జవాబుగా వచ్చిన పేరే తెర మీద కనిపిస్తుంది. 2025 జూన్ నెలాఖరు నుంచి యాప్‌లు ఇక్కడ బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలి. ఫోన్లో మనం సేవ్ చేసుకున్న పేరు గానీ, అవతలివాళ్లు యాప్‌లో పెట్టుకున్న ముద్దుపేరు గానీ చెల్లదు. ఈ పేరు చదవడానికి రెండు క్షణాలు ఆగడం ఎంతో అవసరం. ఇక్కడ దాటిపోతే, తర్వాత వచ్చే ఏ అడుగులోనూ ‘మీరు పంపాలనుకున్నది వీరికేనా’ అని అడిగేవాళ్లు లేరు.

తర్వాత పిన్. ఆ అంకెలు నొక్కే పేజీ యాప్ లోపలే తెరుచుకున్నా అది యాప్‌ది కాదు. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తయారు చేసి అన్ని యాప్‌లలోనూ పెట్టించిన భాగం అది. అందుకే ఏ యాప్ వాడినా ఆ పేజీ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. నొక్కిన అంకెలు ఫోన్లోనే గుప్తంగా మారిపోతాయి. యాప్ వాటిని మోసుకెళుతుందే గానీ చదవలేదు. సరిచూసేది తండ్రి ఖాతా ఉన్న బ్యాంకు ఒక్కటే. పిన్ అంటే ‘నా ఖాతాలోంచి తీయండి’ అని సొంత బ్యాంకుకు ఇచ్చే అనుమతి. డబ్బు అందుకునేవాళ్లకు దానితో పనే లేదు. ‘మీకు డబ్బులు వేస్తాం, పిన్ కొట్టండి’ అని ఎవరైనా అన్నారంటే వాళ్లు మీ ఖాతాలోంచి తీయబోతున్నారు.

ఇక అసలు పని. స్విచ్ ముందు తండ్రి బ్యాంకుకు చెబుతుంది: ఈ ఖాతాలోంచి 4,500 తీయండి. బ్యాంకు పిన్ చూస్తుంది, నిల్వ చూస్తుంది, రోజువారీ పరిమితి చూస్తుంది. అన్నీ సరిపోతే తీసేసి ‘తీశాను’ అని జవాబిస్తుంది. ఆ జవాబు అందాకే స్విచ్ కూతురి బ్యాంకు వైపు తిరిగి, ఈ ఖాతాలో 4,500 జమ చేయండి అంటుంది. ‘చేశాను’ అని అక్కడి నుంచి జవాబు రాగానే ఇద్దరి యాప్‌లకూ కబురు వెళుతుంది. ముందు తీయడం, తర్వాత వేయడం అన్న ఈ వరుస ఎప్పుడూ తారుమారు కాదు. ముందే వేసేస్తే, తండ్రి ఖాతాలో డబ్బు లేదని తర్వాత తేలితే, ఆ నష్టం ఎవరు భరించాలి? ఒక్కో అడుగుకు జవాబు రావడానికి గడువు ఉంటుంది. 30 సెకన్లున్న ఆ గడువును 2025 జూన్‌లో 15కు తగ్గించారు. మామూలు రోజున అంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది.

కూతురు ఆ రాత్రే బిల్లు కట్టేయవచ్చు. కానీ ఆమె బ్యాంకుకు తండ్రి బ్యాంకు నుంచి ఇంకా ఏమీ ముట్టలేదు. అది తన చేతి సొమ్మే ముందుగా ఇచ్చింది. అసలు లెక్క రోజుకు పలు విడతల్లో తేలుతుంది. ఒక్కో విడతలో జరిగిన చెల్లింపులన్నీ స్విచ్ కూడి, ప్రతి బ్యాంకుకూ ఒకే ఒక్క అంకె తీస్తుంది. ఒక విడతలో తండ్రి బ్యాంకు ఖాతాదారులు బయటికి 100 కోట్లు పంపి, బయటి నుంచి 92 కోట్లు అందుకున్నారనుకోండి. ఆ బ్యాంకు కట్టాల్సింది 8 కోట్లే. మన 4,500 ఆ వంద కోట్లలో ఎక్కడో కలిసిపోయింది. ఆ 8 కోట్లు రిజర్వు బ్యాంకులో ఆ బ్యాంకుకు ఉన్న ఖాతాలోంచి ఆర్టీజీఎస్ ద్వారా వెళతాయి. 2020 డిసెంబరులో ఆర్టీజీఎస్‌ను రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ నడపడం మొదలుపెట్టారు. ఇలాంటి వ్యవస్థలో ఆ మార్పుకు నేను చాలా విలువ ఇస్తాను. అంతకు ముందు ఆదివారాలూ పండగలూ వస్తే జనం పంపుకుంటూనే ఉండేవారు, బ్యాంకులు ఒకదానికొకటి పడ్డ బాకీ మాత్రం తీరకుండా పెరిగేది. ఏ బ్యాంకూ తీర్చలేనంత బాకీ పడకుండా, నికరంగా ఎంతవరకు పోవచ్చో ప్రతి బ్యాంకుకూ ఒక హద్దు ఉంటుంది.

ఇప్పుడు చిక్కు ముడి దగ్గరికి వద్దాం. తండ్రి బ్యాంకు డబ్బు తీసింది. స్విచ్ కూతురి బ్యాంకును జమ చేయమంది. గడువు దాటినా జవాబు లేదు. స్విచ్‌కు తెలిసింది జవాబు రాలేదన్న ఒక్క మాటే. అడిగిన మాట ఆ బ్యాంకుకు అసలు చేరకపోయి ఉండవచ్చు. లేదా చేరి, జమ కూడా అయి, ‘చేశాను’ అన్న జవాబు దారిలో పోయి ఉండవచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇలాంటప్పుడు తండ్రి డబ్బు వెంటనే వెనక్కి వేసేస్తే ఏమవుతుంది? జమ నిజంగా అయి ఉంటే, అదే 4,500 ఇద్దరి దగ్గరా ఉంటుంది. కూతురు అప్పటికే ఖర్చు పెట్టేసి కూడా ఉండవచ్చు. అందుకే ‘ఖాతా మూసేశారు’ లాంటి స్పష్టమైన తిరస్కారం వస్తేనే స్విచ్ అక్కడికక్కడ డబ్బు వెనక్కి వేయిస్తుంది. మౌనానికి వెనక్కి వేయించదు. జమ అయినట్టుగానే భావించి పక్కన పెడుతుంది. కూతురి బ్యాంకు తన లెక్కల్ని స్విచ్ లెక్కలతో సరిపోల్చుకుని, జమ కాకపోయి ఉంటే అప్పుడు చేయాలి, కుదరకపోతే తిప్పి పంపాలి. యాప్‌లో పెండింగ్ అని కనిపించేది చాలాసార్లు ఈ స్థితే.

ఇదే మౌనం తండ్రి బ్యాంకు వైపు కూడా రావచ్చు. డబ్బు తీయమంటే జవాబు లేదు. అప్పుడు స్విచ్ కూతురి బ్యాంకును కదపనే కదపదు. చెల్లింపు ఫెయిల్ అని తేల్చి, ఒకవేళ తీసి ఉంటే తిరిగి వేయమని తండ్రి బ్యాంకుకే చెబుతుంది. ఫెయిల్ అని చూపిస్తూనే డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చేది ఇలాంటప్పుడే. ఫెయిల్ అయితే డబ్బు అవతలికి వెళ్లలేదు కాబట్టి మళ్లీ పంపవచ్చు. పెండింగ్ ఉండగా మళ్లీ పంపితే మాత్రం రెండు సార్లూ పడే ప్రమాదం ఉంది. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఈ అనుమానం ఎంత బరువైనదో 2025 ఏప్రిల్ 12న దేశమంతా చూసింది. ఆ శనివారం గంటల తరబడి యూపీఐ తడబడింది. కారణం కొత్త చెల్లింపుల తాకిడి కాదు. జవాబు తేలని లావాదేవీల గురించి ‘అది ఏమైంది’ అని స్విచ్‌ను అడిగే సదుపాయం బ్యాంకులకు ఉంటుంది. కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు, పాత లావాదేవీల మీద కూడా, ఆ ప్రశ్నను ఆపకుండా వేస్తూ పోయాయి. జవాబు ఆలస్యమైన కొద్దీ చెల్లింపులు మరిన్ని నిలిచాయి, నిలిచిన కొద్దీ ప్రశ్నలు పెరిగాయి. ఆ తర్వాత హద్దు పెట్టారు. మొదటిసారి అడిగే ముందు కొంత ఆగాలి, ఒక లావాదేవీ గురించి రెండు గంటల్లో మూడుసార్లకు మించి అడగకూడదు.

మన తండ్రి చేయాల్సింది ఇది. యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. స్విచ్, రెండు బ్యాంకులూ ఆ చెల్లింపును గుర్తుపట్టేది ఆ నంబరుతోనే, కాబట్టి దాన్ని కూతురికి పంపి, ఆమె ఖాతా స్టేట్‌మెంట్‌లో చూసుకోమనాలి. మెసేజ్ రాకపోయినా డబ్బు పడి ఉండవచ్చు. పడకపోతే, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, చెల్లింపు జరిగిన మర్నాటికల్లా అది తిరిగి రావాలి. రోజు అంటే క్యాలెండరు రోజే, ఆదివారం కూడా లెక్కే. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. దాన్ని బ్యాంకు తనంతట తానే ఖాతాలో వేయాలి, ఖాతాదారు అడిగేదాకా ఆగకూడదు. ఈ మాట చాలామందికి తెలియదు, అందుకే అడగరు. దుకాణంలో చెల్లిస్తే, డబ్బు కట్ అయి వ్యాపారికి ఖరారు రాకపోతే, గడువు ఐదు రోజులు. గడువు దాటితే ముందు యాప్‌లోనే ఆ చెల్లింపు మీద ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, ఆ 12 అంకెలు, చెల్లింపు తేదీ, బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ దగ్గర పెట్టుకుంటే చాలు.