సిరా పోవాలి, వెలుతురు ఉండాలి

1940ల నాటి తెలంగాణ పల్లె కథ. చేదబావి దగ్గర నాయిక చేంతాడు లాగి బిందె అందుకుంటుంది. కెమెరా ఆమె పక్కనే మెల్లగా జరుగుతూ వస్తుంది. ఇలాంటి షాట్ ఒకటి ఊహించుకుందాం. నిడివి అయిదు సెకన్లు, అంటే 120 ఫ్రేములు. చిక్కల్లా ఆ నటి ముంజేతి లోపలి వైపున్న ఇంగ్లిషు అక్షరాల టాటూతోనే. అదే పచ్చబొట్టు చుక్కలైతే ఆ కాలానికి చక్కగా నప్పేవి. మేకప్‌తో కప్పినా నీళ్లూ చెమటా తగిలే సీన్‌లో అది ఎంతోసేపు నిలవదు. కాబట్టి ఆ షాట్ చివరికి వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో పెయింట్ విభాగం చేతికి వస్తుంది. హైదరాబాద్‌లో మన సినిమాలకూ విదేశీ సినిమాలకూ ఈ పని చేసే కుర్రాళ్లూ అమ్మాయిలూ చాలామందే ఉన్నారు.

పని గురించి విన్నవాళ్లు సాధారణంగా ఇలా అనుకుంటారు: ఒక ఫ్రేములో టాటూ మీద చర్మం రంగు పూస్తారు, ఆ అతుకును చేతితోపాటు కదిలేలా కంప్యూటర్‌కు చెబుతారు, అంతే. అతుకు చేతిని అంటిపెట్టుకుని కదలడం నిజంగానే మొదటి మెట్టు. కానీ చాలా షాట్లు అక్కడ తప్పవు. అతుకు సరిగ్గా చేతి మీదే ఉన్నా, పైన అతికించినట్టు తెలిసిపోతుంది. కారణం దాదాపు ప్రతిసారీ వెలుతురే.

మొదటి మెట్టు సంగతి ముందు చూద్దాం. స్టూడియోల్లో ఫ్రేముల లెక్క తరచుగా 1001తో మొదలవుతుంది. మన షాట్ 1120తో ముగుస్తుంది. పని మొదలుపెట్టాల్సింది మొదటి ఫ్రేముతో కాదు. టాటూ కెమెరాకు ఎదురుగా, పెద్దదిగా, చెదరకుండా కనిపిస్తూ, ఎండ సమంగా పడిన ఫ్రేమును వెతకాలి. మన షాట్‌లో అది 1043 అనుకుందాం. దాన్నే రిఫరెన్స్ ఫ్రేము అంటారు.

అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ ట్రాక్ చేస్తారు. ఇందుకు ఎక్కువగా వాడేది ప్లేనార్ ట్రాకింగ్. ఒక్కొక్క చుక్కను విడివిడిగా పట్టుకోకుండా, ఒక చదునైన ముక్క మొత్తం ఎలా జరిగింది, ఎంత తిరిగింది, ఎటు వాలింది అనేది లెక్కగట్టే పద్ధతి ఇది. మోకా అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికే పేరు పొందింది. దాన్ని తయారుచేసినవారికి 2013లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. వట్టి చర్మం మీద ట్రాకర్‌కు పట్టు దొరకదు. ముదురు అక్షరాలు మాత్రం గట్టిగా దొరుకుతాయి. తీసేయాల్సిన టాటూయే ట్రాకింగ్‌కు అన్నిటికంటే మంచి ఆధారం. గాజుల్ని మాత్రం ఆ ముక్కలోంచి తప్పించాలి. చేయి ఒక దారిన పోతే గాజులు ఇంకో దారిన జారుతాయి, వాటితోపాటు ట్రాక్ కూడా జారిపోతుంది.

ట్రాక్ నిలిచిందా లేదా అని చూసుకోవడానికి ఒక తేలికైన మార్గం ఉంది. ఆ లెక్కను తిరగేసి షాట్‌ను ప్లే చేస్తారు. అప్పుడు ముంజేయి తెర మధ్యలో కదలకుండా నిలబడుతుంది, బావీ చెట్టూ మనిషీ దాని చుట్టూ ఊగుతారు. ఆ స్థితిలో అక్షరాలు వణికినా, మెల్లగా పక్కకు జరిగినా కంటికి ఇట్టే దొరుకుతుంది. అతుకు వేసేది కూడా ఈ నిలిచిన చేతి మీదే. వేశాక ఆ అతుకును మాత్రమే మళ్లీ కదలికలో పెట్టి అసలు ఫ్రేము మీద ఉంచుతారు. మొత్తం ఫ్రేమును నిలబెట్టి మళ్లీ కదిపితే పిక్సెళ్లు రెండుసార్లు చెదిరి బొమ్మంతా మెత్తబడుతుంది.

ఇక వెలుతురు. 1043వ ఫ్రేములో చేయి ఎండలో ఉంది. ఆమె ముందుకు వంగేసరికి, 1058 దగ్గర, వేపచెట్టు నీడ ముంజేతి మీదికి పాకుతుంది. రిఫరెన్స్ ఫ్రేములో శుభ్రం చేసిన చర్మాన్ని `FrameHold`తో నిలిపి అన్ని ఫ్రేములకూ అతికిస్తే, నీడలోకి వెళ్లిన చేతి మీద ఎండ ముక్క ఒకటి మెరుస్తూ ఉండిపోతుంది. చాలామంది ఆ అతుకు వెలుగును ఫ్రేము ఫ్రేముకూ చేత్తో సరిచేస్తూ కూర్చుంటారు. అంతకన్నా మేలైన దారి టాటూ స్వభావంలోనే ఉంది.

టాటూ సిరా చర్మం పైన ఉండదు, పై పొర కింద ఉంటుంది. పడిన వెలుతురులో కొంత భాగాన్ని అది మింగేస్తుంది. ఎండ తగ్గినా పెరిగినా మింగే నిష్పత్తి మారదు. రిఫరెన్స్ ఫ్రేములో అక్షరం ఉన్న చోట ఎర్ర చానెల్ విలువ 0.12 అనుకుందాం. అక్కడ శుభ్రమైన చర్మం గీశాక అది 0.36 అయింది. అంటే మూడింతలు. నీడలోకి వెళ్లాక అదే అక్షరం విలువ 0.05కు పడిపోయింది. దాన్ని మూడుతో హెచ్చిస్తే 0.15. పక్కనున్న వట్టి చర్మం విలువ చూస్తే అక్కడా 0.15 చుట్టుపక్కలే ఉంటుంది. నీడ ఎంత పడిందో మనం లెక్కపెట్టనే లేదు. ఆ ఫ్రేములోని అసలు చర్మమే దాన్ని చెప్పింది.

```
కొత్త ఫ్రేము = అసలు ఫ్రేము × (శుభ్రం చేసిన 1043 ÷ అసలు 1043)
```

ఈ లెక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లకు విడివిడిగా జరుగుతుంది. సిరా మూడు రంగుల్నీ ఒకే మోతాదులో మింగదు కాబట్టి అలా చేయాలి. బొమ్మ లీనియర్ వెలుతురులో ఉండటం కూడా తప్పనిసరి. తెర మీద చూడటానికి వంచిన విలువలతో హెచ్చవేత చేస్తే నీడలో రంగు తేడా కొడుతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఒకటుంది: నీడ అంచు చేతి మీద పాకుతున్నప్పుడు ఆ అంచు కూడా అతుకు గుండా సహజంగా సాగిపోతుంది. దాన్ని ఎవరూ గీయక్కర్లేదు.

అయితే ఇది అన్నిచోట్లా నడవదు. చెమట మెరుపు దీన్ని మొదట దెబ్బతీస్తుంది. మెరుపు పుట్టేది చర్మం పైన, సిరా ఉండేది కింద. మెరుపును సిరా మింగదు, అది పైన కలుస్తుంది అంతే. ఎండలో ఆ 0.12 మీద 0.10 మెరుపు చేరి 0.22 అయిందనుకోండి. మూడుతో హెచ్చిస్తే 0.66 వస్తుంది. నిజంగా రావాల్సింది 0.36కు 0.10 కలిపి 0.46. ఆ తేడా వల్ల అక్షరం ఆకారంలోనే తెల్లటి మచ్చ తేలుతుంది. కాబట్టి మెరుపును ముందుగా విడదీసి, లెక్క అయ్యాక తిరిగి కలపాలి. లేదంటే ఆ కొన్ని ఫ్రేముల్లో గీసిన చర్మాన్ని వాడాలి.

బాగా నల్లటి సిరా రెండో అడ్డంకి. అక్కడ విలువ 0.02 ఉంటే పద్దెనిమిదింతలు చేయాలి, అప్పుడు కెమెరా గ్రెయిన్ కూడా పద్దెనిమిదింతలై చర్మం చీమలు పాకినట్టు కదులుతుంది. మూడింతలకే గ్రెయిన్ తేడా కనిపిస్తుంది కాబట్టి, ముందు గ్రెయిన్ తీసేసిన బొమ్మ మీద పనిచేసి, చివర ప్రతి ఫ్రేముకూ వేరువేరుగా కొత్త గ్రెయిన్ చేర్చడం రివాజు. గ్రెయిన్ చేర్చడం మరిచిపోతే అతుకు ఉన్న చోట చర్మం చచ్చినట్టు, చుట్టూ బతికినట్టు ఉంటుంది. నీలం చానెల్ ఒక్కదాన్నే తెరిచి చూస్తే ఈ లోపం వెంటనే బయటపడుతుంది, గ్రెయిన్ సాధారణంగా అందులోనే ఎక్కువ.

మూడోది ట్రాక్ కచ్చితత్వం. అక్షరం అంచు దగ్గర అర పిక్సెల్ జరిగినా ఒకవైపు శుభ్రమైన చర్మం మూడింతలై వెలుగు గీత పడుతుంది, మరోవైపు సిరా గీత మిగిలిపోతుంది. టాటూ పోయి, అవే అక్షరాలు చర్మంలో చెక్కినట్టు కనిపిస్తాయి. మన షాట్‌లో ఇది బిందె అందుకునే చోట వస్తుంది. అక్కడ ఆమె అరచేయి తిప్పుతుంది. ముంజేయి తిరిగితే మణికట్టు వైపు చర్మం ఎక్కువగా, మోచేతి వైపు తక్కువగా తిరుగుతుంది, తడిబట్ట పిండినట్టు. చదునైన ముక్క అనే ఊహ అక్కడ చెల్లదు.

అందుకే ఇలాంటి షాట్‌ను ఒకే పద్ధతిలో ముగించరు. చేయి నిలకడగా ఉన్నంత వరకు పై లెక్క. అరచేయి తిరిగే ఇరవై, ముప్పై ఫ్రేములకు టాటూను రెండు ముక్కలుగా విడదీసి వేరుగా ట్రాక్ చేస్తారు, లేదా వలలాంటి గ్రిడ్‌తో చర్మాన్ని వంచుతారు. అక్కడ గీసిన చర్మపు అతుకే పెట్టి, వెలుతురును మాత్రం బాగా బ్లర్ చేసిన బొమ్మ నుంచి తీసుకుంటారు. బ్లర్ చేశాక అర పిక్సెల్ తేడా లెక్కలోకి రాదు. ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారే చోట ఆరేడు ఫ్రేముల పాటు రెంటినీ కలుపుతూ పోతారు. గాజులు అతుకు మీదికి జారే ఫ్రేముల్లో వాటి ఆకారాన్ని చేత్తో కత్తిరించి పైన నిలబెడతారు.

చేయి వేగంగా కదిలే ఫ్రేముల్లో ఇంకో చిక్కుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో షట్టర్ మామూలుగా 1/48 సెకను తెరిచి ఉంటుంది. ఆ కాస్తలోనే టాటూ సాగి, అతుకు అంచు దాటి బూడిద రంగు మరకగా బయటికి వస్తుంది. అతుకును కదలిక దిశలో పెంచి, దానికీ అంతే బ్లర్ ఇవ్వాలి. ఒక్కొక్క ఫ్రేమునూ ఆపి చూస్తే ఆ మరక చర్మపు నీడలా అనిపిస్తుంది, ప్లే చేస్తే మాత్రం చేతి వెనకే తోక కట్టి వస్తుంది. అందుకే సూపర్‌వైజర్లు షాట్‌ను మామూలు వేగంతో, తర్వాత గామా పెంచి, తర్వాత తగ్గించి, మళ్లీ మళ్లీ తిప్పి చూస్తారు.

గాయపు మచ్చ అయితే కథ మారిపోతుంది. టాటూ రంగును మారుస్తుంది, మచ్చ చర్మం ఉపరితలాన్నే మారుస్తుంది. అక్కడ రంధ్రాలూ నూగూ ఉండవు, నున్నగా మెరుస్తుంది, ఉబ్బెత్తుగానో గుంటగానో ఉంటుంది. చేయి కాస్త తిరిగితే ఒకవైపున్న వెలుగు రెండో వైపుకు దాటుతుంది, కాబట్టి ఒక ఫ్రేములో తీసిన నిష్పత్తి ఇంకో ఫ్రేముకు పనికిరాదు. మంచి చర్మాన్ని పక్క నుంచి తెచ్చి అయిదారు కీ ఫ్రేముల్లో గీసి, ఒకదాని నుంచి ఒకదానికి మెల్లగా మార్చుకుంటూ పోవాలి. ఉబ్బిన మచ్చ చేతి అంచు మీదికి వచ్చిందంటే చేతి గీతనే సరిచేయాలి, దాని వెనకున్న బావి గట్టును కూడా కొత్తగా నింపాలి. టాటూ కంటే ఈ పనికి ఎక్కువ రోజులు అడగడంలో అన్యాయమేమీ లేదు.

షూటింగ్ రోజున చేయగలిగే సాయం కూడా ఉంది. టాటూను మేకప్‌తో పూర్తిగా కప్పలేకపోయినా, పలచగా ఒక పూత వేస్తే మేలు. నారింజ ఛాయ ఉన్న పూత నల్ల, నీలం సిరా ఉన్న చోట విలువను రెట్టింపు చేసినా చాలు, పద్దెనిమిదింతల హెచ్చవేత తొమ్మిదికి దిగుతుంది. పూత చెదరకుండా సమంగా ఉండాలి, లేకపోతే అది కరిగిన చోటల్లా నిష్పత్తి మారిపోతుంది. అదే వెలుతురులో రెండో చేతి లోపలి వైపు ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, శుభ్రమైన చర్మం గీసేటప్పుడు రంగూ నూగూ నరాల జాడా ఊహించాల్సిన అవసరం ఉండదు.