సీఐఎఫ్ విశాఖపట్నం అంటే విశాఖ దాకా పూచీ వాళ్ళదేనా?

పోయినవారం పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి ఫోన్ చేశారు. ఆఫ్రికాలోని అబిద్‌జాన్ రేవు నుంచి పచ్చి జీడిగింజలు తెప్పించుకునే బేరం. ధర సీఐఎఫ్ విశాఖపట్నం. కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉంటే గుమస్తా చేత తెలుగులో రాయించుకున్నారట. అందులో సీఐఎఫ్ ఎదురుగా "విశాఖ చేరేవరకు బాధ్యత అమ్మినవారిది" అని ఉంది. "ఇంక నాకు భయం లేదు కదండీ?" అన్నారు. భయం ఉందండీ, ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ముందు ఎఫ్‌ఓబీ చూద్దాం. ఫోన్‌లో అనువాదం కొడితే "బోర్డుపై ఉచితం" అని వస్తుంది. ఎవరికీ ఏదీ ఉచితం కాదు! ఎఫ్‌ఓబీ అబిద్‌జాన్ అంటే, అమ్మేవాడు తన ఖర్చుతో, తన పూచీతో సరుకును అబిద్‌జాన్‌లో ఓడ మీదికి ఎక్కించి ఇస్తాడు. అక్కడి నుంచి ఓడ ఫ్రైటు, బీమా, దారిలో జరిగే నష్టం, అన్నీ కొన్నవాడివే. ఇందులో ఖర్చూ నష్టమూ ఒకే చోట చేతులు మారతాయి కాబట్టి పెద్దగా తికమక ఉండదు.

సీఐఎఫ్‌లోనే తిరకాసు. విశాఖ దాకా ఫ్రైటు అమ్మేవాడే కడతాడు, బీమా కూడా అతనే చేయిస్తాడు. కానీ సరుకు పాడైతే ఆ నష్టం ఎవరిదన్నది మాత్రం ఎఫ్‌ఓబీలో లాగే అబిద్‌జాన్‌లో ఓడ ఎక్కగానే మారిపోతుంది. అంటే ఖర్చుకు గీత విశాఖలో, నష్టానికి గీత అబిద్‌జాన్‌లో. తెలుగులో "బాధ్యత" అని ఒక్క మాట రాస్తే ఈ రెండు గీతలూ కలిసిపోతాయి. గుమస్తా తప్పు అక్కడే జరిగింది.

లెక్క వేసి చూద్దాం. కంటైనర్ సరుకు సీఐఎఫ్ ధర 22,000 డాలర్లు అనుకోండి. దారిలో కంటైనర్ చిల్లులోంచి సముద్రపు నీళ్ళు దూరి సగం బస్తాలు తడిశాయి. మన వ్యాపారి తెలుగు కాగితం పట్టుకుని అమ్మినవాడిని అడిగితే, ఓడ ఎక్కించినట్టు తేదీ వేసిన బిల్ ఆఫ్ లేడింగ్ చూపించి, "నా పని అక్కడితో అయింది" అంటాడు. అతను అన్నది సరే. ఇక మన వ్యాపారి బీమా కంపెనీ దగ్గరికి వెళ్ళాలి. ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం సీఐఎఫ్‌లో అమ్మేవాడు కనీసం ధర మీద 10 శాతం కలిపి, అంటే 24,200 డాలర్లకు బీమా చేయించాలి. బాగానే ఉంది కదా! అయితే అతను ఇవ్వాల్సిన కనీస రక్షణ క్లాజ్ 'సి'. ఓడ మునగడం, నిప్పంటుకోవడం లాంటి పెద్ద ప్రమాదాలే అందులో ఉంటాయి. కంటైనర్లోకి సముద్రపు నీళ్ళు రావడం 'సి'లో లేదు. 'బి'లో, 'ఎ'లో ఉంది. చేతిలో పాలసీ ఉంటుంది, పైసా రాదు.

అందుకే బేరం కుదిరే రోజే, "బీమా క్లాజ్ 'ఎ' ప్రకారం" అని కాంట్రాక్టులో రాయించుకోండి. ప్రీమియం కొంచెం పెరుగుతుంది, అంతే. సరుకు దిగాక తడి కనిపిస్తే బస్తాలు కదిలించకుండా సర్వేయర్‌ని పిలవండి. ఆ తడి మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి, తెల్లగా పాలలా మారితే ఉప్పునీరు అని తేలుస్తారు. ఒక్క సంగతి: గింజలే తేమతో లోడై దారిలో బూజు పడితే, అది సరుకు గుణం వల్ల వచ్చిన నష్టం అని 'ఎ' క్లాజ్‌లో కూడా పక్కన పెడతారు. దానికి లోడింగ్ దగ్గరే తేమ పరీక్ష చేయించుకోవాలి.

మరి తెలుగులో ఎలా రాయాలి? నేనైతే "బాధ్యత" అన్న మాట వాడను. "ఖర్చు", "నష్టపూచీ" అని రెండు మాటలు విడిగా పెడతాను. ఎఫ్‌ఓబీకి: "ఖర్చు, నష్టపూచీ రెండూ అబిద్‌జాన్‌లో ఓడ ఎక్కించేవరకు అమ్మినవారివి." సీఐఎఫ్‌కి: "ఫ్రైటు, బీమా ఖర్చు విశాఖ వరకు అమ్మినవారిది, నష్టపూచీ అబిద్‌జాన్‌లో ఓడ ఎక్కినప్పటి నుంచి కొన్నవారిది." పొడుగే, ఒప్పుకుంటాను. పొట్టిగా "రేవు చేరు ధర" అని రాస్తే మళ్ళీ మొదటికొస్తాం. అసలు ఇంగ్లీషు అక్షరాలు, రేవు పేరు, ఇన్‌కోటర్మ్స్ 2020 అన్న మాట తీసేయకండి. తగువు వస్తే చూసేది అవే.

"నష్టం కూడా విశాఖ దాకా వాళ్ళదే కావాలంటే?" అని అడిగారాయన. అప్పుడు సీఐఎఫ్ కాదు, డీఏపీ విశాఖపట్నం అని బేరమాడాలి. ధర కొంత ఎక్కువ చెబుతారు. పాత కాంట్రాక్టు ఇంకా సంతకం కాలేదట, ఆ తెలుగు వాక్యం కొట్టేసి ఇప్పుడు క్లాజ్ 'ఎ' అడుగుతున్నారు.