కెప్టెన్ గొంతు ఎందుకు వణకదు

1982 జూన్ 24 రాత్రి. లండన్ నుంచి ఆక్లండ్ వెళ్లాల్సిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం బొంబాయిలో, కౌలాలంపూర్‌లో ఆగి పెర్త్ దారి పట్టింది. జావా దీవి దగ్గర 37 వేల అడుగుల ఎత్తులో ఉండగా కాక్‌పిట్ అద్దాల మీద నీలిరంగు మెరుపులు పాకాయి. క్యాబిన్‌లోకి గంధకం వాసనతో పొగ వచ్చింది. ముందు ఒక ఇంజన్ ఆగింది. ఆ వెంటనే రెండోది. చూస్తుండగానే మిగిలిన రెండూ ఆగిపోయాయి. గలుంగుంగ్ అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిద మేఘంలోకి దూసుకొచ్చామని ఆ చీకట్లో పైలట్లకు కూడా తెలియదు. నాలుగు ఇంజన్ల విమానం గాలిపటంలా కిందికి జారుతోంది.

అప్పుడు కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు అందుకుని ప్రయాణికులతో అన్న మాటల సారాంశం ఇది: ‘‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్, నేను మీ కెప్టెన్‌ని. మనకో చిన్న సమస్య వచ్చింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. వాటిని మళ్లీ నడిపించడానికి కిందా మీదా పడుతున్నాం. మీరు మరీ కంగారు పడటం లేదనుకుంటాను.’’

విమానయాన రంగంలో ఇప్పటికీ తలుచుకునే ప్రకటన ఇది. దీన్ని ఇంగ్లిషువాళ్ల చమత్కారమని నవ్వుకుని వదిలేస్తారు చాలామంది. కానీ ఆ నాలుగు ముక్కల్లో ఏమున్నాయో చూడండి. మాట్లాడేది ఎవరో ఉంది. జరిగిందేమిటో దాపరికం లేకుండా ఉంది. తాము చేస్తున్న పనేమిటో ఉంది. చివర, వినేవాళ్ల మీద ఓ పలకరింపు ఉంది. ‘చిన్న సమస్య’ అన్న మాట అబద్ధం కాకుండా పోయింది కూడా అందుకే. మరుసటి వాక్యంలోనే అసలు సంగతి చెప్పేశాడు కదా!

దాంతో అందరూ నిశ్చింతగా కూర్చున్నారా అంటే, లేదు. ఇంటివాళ్లకు చివరి మాటగా చీటీలు రాసుకున్నవాళ్లూ ఉన్నారు. గొంతు భయాన్ని పోగొట్టదు. భయం తొక్కిసలాటగా మారకుండా, సిబ్బంది చెప్పింది చెవికెక్కేలా చూస్తుంది. దాని పని అంతవరకే, ఆ సమయంలో అంతకు మించి అక్కర్లేదు కూడా. 13 వేల అడుగుల ప్రాంతానికి దిగి బూడిద నుంచి బయటపడ్డాక ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి. బూడిద గీరుకుపోయి అద్దాలు మసకబారినా విమానం జకార్తాలో దిగింది. లోపలున్న 263 మందీ బతికారు.

మాటల కంటే ముందు గొంతును ఎందుకు పట్టించుకుంటాం? ప్రయాణికుడికి ఇంజన్ గురించి తెలియదు, కాక్‌పిట్ కనిపించదు. అతనికి దొరికే ఆధారం అవతలి మనిషి స్వరం ఒక్కటే. ఆ స్వరం నిజం దాచుకోలేదు. మనిషి హడలిపోతే స్వరపేటిక కండరాలు బిగుసుకుంటాయి, స్వరతంత్రులు సాగి మరింత వేగంగా కంపిస్తాయి. మామూలుగా మాట్లాడే మగవాడి గొంతులో అవి సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు కంపిస్తాయి. భయంలో ఆ లెక్క పెరుగుతుంది, గొంతు కీచుమంటుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది కాబట్టి మాటలు తెగి తెగి, తొందర తొందరగా వస్తాయి. ఇది ఎంత కచ్చితమైన గుర్తంటే, ప్రమాదాల దర్యాప్తులో కూడా వాడుకున్నారు. 1994లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర యూఎస్ ఎయిర్ 427 విమానం కూలినప్పుడు, కాక్‌పిట్ రికార్డరులో దొరికిన పైలట్ల గొంతుల శ్రుతిని, ఊపిరి చప్పుళ్లను కొలిచి, ఆఖరి క్షణాల్లో వాళ్లు ఎంతగా పెనుగులాడారో అంచనా వేశారు. యంత్రాలతో కొలిచిన ఆ తేడాను మన చెవి పుట్టుకతోనే పడుతుంది. పక్కగదిలో అమ్మ ఫోనులో ‘ఆ... ఎప్పుడు?’ అన్న తీరును బట్టే విషయం మంచిదో చెడ్డదో మనకు తెలిసిపోదూ!

అందుకే పైలట్ తాపీగా, కాస్త కింది స్థాయిలో, పదానికీ పదానికీ మధ్య జాగా వదిలి మాట్లాడతాడు. ఈ పద్ధతి ఎవరి నుంచి వచ్చిందన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. 1947లో ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన తొలి మనిషి చక్ యేగర్‌ది వెస్ట్ వర్జీనియా పల్లెటూరు, సాగదీస్తూ మాట్లాడే యాస. ఆయన్ని ఆరాధించిన సైనిక పైలట్లు ఆ యాసను అనుకరించారనీ, వాళ్లే తర్వాత ప్రయాణికుల విమానాల్లోకి వచ్చారనీ రచయిత టామ్ వోల్ఫ్ 1979లో రాశాడు. అందులో కాస్త అతిశయం ఉందనుకున్నా, పైలట్ల గొంతు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదన్న మాట మాత్రం నమ్మదగిందే.

అయితే గొంతు ఒక్కటే చాలదు. దాంట్లో ఏం పోయాలన్నదానికి పైలట్లకు ఓ వరస ఉంది. ఇబ్బంది వచ్చినప్పుడు కెప్టెన్ ముందుగా క్యాబిన్ సిబ్బంది పెద్దను పిలిచి నాలుగు సంగతులు చెబుతాడు: సమస్య ఏమిటి, ఏం చేయబోతున్నాం, ఎంత సమయం ఉంది, ప్రత్యేకంగా చేయాల్సింది ఏమైనా ఉందా. ఇంగ్లిషు మొదటి అక్షరాలు కలిపి దీన్ని ‘నిట్స్’ అంటారు. విన్నామె అదంతా తిరిగి ఒప్పజెబుతుంది, తేడా వస్తే అక్కడే దిద్దుకుంటారు. మంచి కెప్టెన్ ప్రయాణికులతో మాట్లాడేటప్పుడు కూడా దాదాపు ఇదే వరస పాటిస్తాడు.

ఓ ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే విమానం. విశాఖలో కుండపోత వాన. ఒక కెప్టెన్ ‘‘వాతావరణం బాగాలేదు, ఆలస్యమవుతుంది, సహకరించండి’’ అని ఊరుకున్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉన్నా జనం కిటికీల్లోంచి రెక్కల వంక చూడటం మొదలుపెడతారు. ఇంకో కెప్టెన్ ఇలా అన్నాడు: ‘‘విశాఖలో వాన జోరుగా ఉంది, రన్‌వే సరిగా కనపడటం లేదు. ఒక ఇరవై నిమిషాలు పైనే చుట్లు కొడుతూ చూస్తాం. అప్పటికీ తెరిపి ఇవ్వకపోతే హైదరాబాద్ తిరిగి వెళ్లడానికి సరిపడా ఇంధనం ఉంది. బెల్టులు పెట్టుకునే ఉండండి. పావుగంటలో మళ్లీ చెబుతాను.’’ ఈ ఆఖరి మాటకు చాలా విలువుంది. కొత్త కబురు లేకపోయినా పావుగంటకు ఆ గొంతు మళ్లీ వినిపించాలి, లేకపోతే ముందు చెప్పిందంతా వృథా. ఎదురుచూపుల మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఇదే అంటుంది: ఎంతసేపో తెలియని నిరీక్షణ, ఎందుకో చెప్పని నిరీక్షణ అసలు కంటే ఎక్కువగా అనిపిస్తాయి.

మరి విమానం ఒక్కసారిగా కుదిపినప్పుడు కెప్టెన్ వెంటనే ఎందుకు మాట్లాడడు? పైలట్లకు మొదటి రోజుల నుంచీ నూరిపోసే క్రమం ఒకటుంది: ముందు విమానాన్ని అదుపులో పెట్టు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. కాబట్టి మొదటి ఒకటి రెండు నిమిషాల మౌనం అంటే వాళ్లు పనిలో ఉన్నారని అర్థం.

ఇక రైల్వే స్టేషన్ సంగతి. సికింద్రాబాద్‌లో ‘దయచేసి వినండి’ అని వినిపించే గొంతు ఆ నిమిషంలో ఎవరూ మాట్లాడుతున్నది కాదు. అంకెలు, ఊళ్ల పేర్లు, రైళ్ల పేర్లు విడివిడిగా రికార్డు చేసి ఉంచుతారు, కంప్యూటర్ వాటిని గుదిగుచ్చుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరు 12728ని ‘ఒకటి, రెండు, ఏడు, రెండు, ఎనిమిది’ అని ఒక్కో అంకెనూ ఒకే ఎత్తులో పలకడానికి కారణం అదే. ఎక్కడ అతికినా అతుకు తెలియకూడదంటే ప్రతి ముక్కా ఒకే స్థాయిలో ఉండాలి. నెమ్మదికి ఇంకో కారణం రేకుల కప్పు. అక్కడ ప్రతి శబ్దం తిరిగి కొడుతుంది. గబగబా చదివితే ముందు మాట ప్రతిధ్వని వెనక మాట మీద పడి రెండూ చెడతాయి. ముందొచ్చే ‘టింగ్ టాంగ్’ కూడా అలంకారానికి కాదు, జనం కబుర్లు ఆపి చెవి ఒగ్గడానికి ఇచ్చే వ్యవధి.

ఈ పద్ధతిలో లోపమూ ఉంది. పది నిమిషాల ఆలస్యానికీ పది గంటల ఆలస్యానికీ ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్నది ఒకే రికార్డు, ఒకే విచారం! ఎందుకు ఆలస్యమో చెప్పే ముక్క మాత్రం చాలాసార్లు ఉండదు. ఇది చిరాకు తెప్పించి ఊరుకుంటే ఫర్వాలేదు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో కుంభమేళాకు వెళ్లే జనం కిక్కిరిసి ఉన్నారు. కొందరు 14వ ప్లాట్‌ఫారం మీద ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్ కోసం కాచుకుని ఉండగా, 16వ ప్లాట్‌ఫారం మీదికి ప్రయాగ్‌రాజ్ స్పెషల్ వస్తోందని ప్రకటన వచ్చింది. తమ రైలే అనుకుని జనం ఎగబడటంతో తొక్కిసలాట జరిగిందని అప్పట్లో పోలీసులు చెప్పారు. ఒకరి తలమీది మూట జారిపడటమే కారణమని రైల్వే శాఖ తర్వాత చెప్పింది. ఏదైనా 18 మంది చనిపోయారు. అంత రద్దీలో ఒకేలాంటి రెండు పేర్లను ‘మీ రైలు మారలేదు, 14 మీదివాళ్లు అక్కడే ఉండండి’ అన్న వివరణ లేకుండా చదివితే, ఆ గొంతు ఎంత తియ్యగా ఉండి ఏం లాభం?

ప్రశాంతమైన గొంతు తప్పు మాట చెబితే ఇంకా ప్రమాదం. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ ఓడ ఒరిగిపోతుంటే, కదలకుండా ఉన్నచోటే ఉండమని మైకులో పదేపదే చెప్పారు. నమ్మి లోపలే ఉండిపోయిన పిల్లలు చాలామంది. మొత్తం 304 మంది పోయారు, అందులో ఎక్కువమంది ఒకే హైస్కూలు విద్యార్థులు.

అందుకే విమాన సిబ్బందికి మెత్తని గొంతుతో పాటు దాన్ని వదిలేయాల్సిన ఘడియ ఏదో కూడా నేర్పుతారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన విమానాన్ని హడ్సన్ నదిలో దించుతూ కెప్టెన్ సలెన్‌బర్గర్ పలకరింపుల జోలికి పోలేదు. తాను కెప్టెన్‌నని చెప్పి, తాకిడికి సిద్ధంగా ఉండమన్నాడు, అంతే. వెంటనే సిబ్బంది తలలు వంచమని, అలాగే ఉండమని ఒకే లయలో గట్టిగా అరవడం మొదలుపెట్టారు. 155 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. చల్లగా చెబితే మనిషి ఆలోచిస్తాడు, పొట్టి మాటలు గట్టిగా అరిస్తే ఆలోచించకుండా చేస్తాడు. విమానం ఆగాక సెకన్లలో ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు కావాల్సింది రెండోదే.

కాబట్టి ఈసారి ప్రయాణంలో కెప్టెన్ తాపీగా మాట్లాడుతుంటే గొంతుతో సరిపెట్టుకోకుండా, ఏమైంది, ఏం చేస్తున్నారు, ఎంతసేపు అన్న మూడూ అందులో ఉన్నాయో లేదో వినండి. లేకపోతే సిబ్బందిని అడగండి, అడగడం తప్పు కాదు. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే అమ్మాయి మాత్రం ఉన్నట్టుండి గొంతు పెంచి ‘రండి, రండి, బ్యాగులు వదిలేయండి’ అని అరిస్తే పైనున్న సూట్‌కేసు వైపు చెయ్యి పోనివ్వకండి. లేచి, ఆమె చూపించిన తలుపు వైపు నడవండి.