కాపీ చేసిన మాట, రికార్డు చేసిన పని: విమ్‌లో రెండూ ఒక్కచోటే

ఒక ఫోన్ నంబరు కాపీ చేస్తాం. పేస్ట్ చేసేలోపు ఇంకేదో అవసరమనిపించి అదీ కాపీ చేస్తాం. అంతే, నంబరు గోవిందా. మామూలు కంప్యూటర్ క్లిప్‌బోర్డుకి ఒక్క అరే ఉంటుంది, కొత్తది వస్తే పాతది ఖాళీ చేయాల్సిందే. విమ్ అనే ఎడిటర్‌లో మాత్రం ఇలాంటి అరలు చాలా ఉన్నాయి. పైగా వాటిలో మాటలే కాదు, మనం చేసిన పనిని కూడా దాచుకోవచ్చు.

విమ్ ఎక్కువగా ప్రోగ్రాములు రాసేవాళ్ళు, సర్వర్లు చూసుకునేవాళ్ళు వాడే ఎడిటర్. 1976లో బిల్ జాయ్ బర్క్‌లీలో మొదలుపెట్టిన వీఐ దీనికి మూలం. దాన్ని పెంచి, నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ని విడుదల చేశారు. 2023లో కన్నుమూసేదాకా ఆయనే దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఇందులో మౌస్‌తో దాదాపు పనుండదు. తెరిచిన వెంటనే ఏ అక్షరం నొక్కినా అది టైపు కాదు, ఒక ఆజ్ఞ అవుతుంది: `x` నొక్కితే కర్సరు కింది అక్షరం పోతుంది, `j` నొక్కితే కింది లైనుకి వెళ్తుంది. టైపు చేయాలంటే ముందు `i` నొక్కాలి, అయ్యాక `Esc` నొక్కి మళ్ళీ ఆజ్ఞల్లోకి రావాలి. కొత్తవాళ్ళకి చిరాకు తెప్పించేది ఇదే. మాక్రోలు ఇంత తేలిగ్గా కుదరడానికి కారణం కూడా ఇదే. ఇక్కడ ఏ పనైనా చివరికి వరసగా నొక్కిన కొన్ని అక్షరాలే కాబట్టి, ఆ అక్షరాలని రాసిపెట్టుకుంటే పని మొత్తం రాసిపెట్టుకున్నట్టే.

అలా రాసిపెట్టుకునే అరలని రిజిస్టర్లు అంటారు. `a` నుంచి `z` దాకా 26 మన ఇష్టానికి వదిలేశారు. కాపీ చేసే ముందు డబుల్ కోట్, దాని పక్కన అర పేరు నొక్కాలి. కర్సరు ఉన్న పదాన్ని `a`లో దాచాలంటే `"ayiw`, లైను మొత్తాన్ని `b`లో దాచాలంటే `"byy`. కావలసినప్పుడు `"ap`, `"bp` అంటే అవి దిగుతాయి. టైపు చేస్తూ చేస్తూ మధ్యలో కావాలంటే కంట్రోల్-ఆర్ నొక్కి `a` నొక్కితే సరి. ఏ అరలో ఏముందో మర్చిపోతే `:reg` అని కొడితే జాబితా కనిపిస్తుంది.

అర పేరు చెప్పకుండా కాపీ చేస్తే, తుడిపేస్తే ఏమవుతుంది? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. విమ్‌లో తుడిపేసిందేదీ ఊరికే పోదు, అది కూడా పేరులేని రిజిస్టరులోకి వెళ్తుంది. ఒక పదం కాపీ చేసుకుని, ఇంకోచోట ఉన్న పాత పదాన్ని తుడిపేసి, `p` కొట్టామనుకోండి. మనం కాపీ చేసింది రాదు, ఇప్పుడే తుడిపేసిందే తిరిగొస్తుంది. కాపీ చేసింది మాత్రం పోలేదు. పేరు చెప్పకుండా చివరిసారి కాపీ చేసింది సున్నా నంబరు రిజిస్టరులో ఉంటుంది, తుడిపేసినవి దాని జోలికి పోవు. `"0p` అంటే వచ్చేస్తుంది. విమ్‌లో ఒక్క రిజిస్టరు గురించే నేర్చుకునే ఓపిక ఉంటే, నా మటుకు ఆ ఒక్కటీ ఇదే అంటాను.

ఇక మాక్రో. ఒక ఊళ్ళ జాబితా ఉంది, ప్రతి ఊరి పక్కన దాని ఎస్‌టీడీ కోడు ఉంది:

```
Guntur 0863
Warangal 0870
New Delhi 011
Tirupati 0877
```

దీన్ని డేటాబేస్‌లోకి ఎక్కించాలంటే కోడు ముందుకి రావాలి, ఊరు వెనక్కి పోవాలి, రెంటికీ కోట్లు, చుట్టూ బ్రాకెట్లు ఉండాలి. మొదటి లైను ఇలా కావాలి:

```
('0863', 'Guntur'),
```

నాలుగు లైన్లయితే చేత్తో చేసుకోవచ్చు, నాలుగు వందలైతే చేయలేం. అందుకని మొదటి లైనుని మాత్రం చేత్తో చేస్తూ దాన్ని రికార్డు చేద్దాం. కర్సరుని మొదటి లైనులో పెట్టి `qq` నొక్కాలి. మొదటి `q` రికార్డింగు మొదలుపెట్టమని, రెండోది దాన్ని దాచే అర పేరు. తెర అడుగున `recording @q` అని కనిపిస్తుంది. ఆ తర్వాత నొక్కేవి ఇవి:

```
0"tde
x
i('<Esc>
A', '<Esc>
"tp
A'),<Esc>
j
```

(ఇక్కడ అర్థం కావడానికి విడివిడిగా వేశాను, నొక్కేటప్పుడు అంతా ఒకే వరస.) `0` లైను మొదటికి తీసుకెళ్తుంది. `"tde` ఊరి పేరుని కత్తిరించి `t` అనే అరలో పెడుతుంది. `x` మిగిలిన ఖాళీని తుడుస్తుంది. ఆ తర్వాత ముందు ఒక బ్రాకెట్టూ కోటూ, లైను చివర కోటూ కామా, ఆ పక్కన `t`లో ఉన్న ఊరి పేరు, ఆఖర్న మూసే గుర్తులు. చివరి `j` కింది లైనుకి దించుతుంది. మళ్ళీ `q` నొక్కితే రికార్డింగు ఆగిపోతుంది.

ఊరి పేరుని ప్రత్యేకంగా `t`లో ఎందుకు పెట్టాలి, ఊరికే `de` అంటే చాలదా? చాలదు. దాని వెంటనే `x` ఉంది కదా, అది తుడిచిన ఖాళీ కూడా పేరులేని అరలోకే వెళ్ళి ఊరి పేరుని తోసేస్తుంది. అప్పుడు `p` కొడితే ఊరికి బదులు ఒక ఖాళీ దిగుతుంది. చేత్తో చేస్తుంటే అది కంటపడి సరిచేసుకుంటాం. మాక్రోలో అయితే అదే తప్పు నాలుగు వందల సార్లు జరిగిపోతుంది. అందుకే మాక్రోలో తర్వాత కావలసిన మాట దేన్నైనా పేరున్న అరలో పెట్టుకోవడమే మంచిది.

ఇప్పుడు రెండో లైనులో ఉన్నాం. `@q` అంటే రికార్డు చేసినదంతా అక్కడ జరిగిపోతుంది. వరంగల్ సరిగ్గానే వచ్చింది. ఇంకోసారి కావాలంటే `@@` చాలు. కానీ మూడో లైను ఇలా తయారవుతుంది:

```
('Delhi 011', 'New'),
```

`de` ఒక్క పదం దాకానే కత్తిరిస్తుంది. ఊరి పేరు రెండు పదాలుంటుందని రికార్డు చేసేటప్పుడు మనం అనుకోలేదు. ఇందులో గమనించాల్సింది, విమ్ ఏ ఫిర్యాదూ చేయలేదు. మాక్రో మధ్యలో ఏదైనా ఆజ్ఞ కుదరకపోతేనే అది ఆగుతుంది. కుదిరి, తప్పు ఫలితం ఇస్తే ఆగదు. అందుకని ఒకేసారి `400@q` అనే ముందు నాలుగైదు లైన్లు ఒక్కొక్కటిగా నడిపించి చూడాలి, ముఖ్యంగా తేడాగా కనిపించే లైన్ల మీద.

మాక్రో తప్పిందని తేలింది, `u` నొక్కి ఆ లైనుని మునుపటిలా చేసుకున్నాం. మళ్ళీ మొదటినుంచీ రికార్డు చేయాలా? అక్కర్లేదు. `q` అరలో ఉన్నది రహస్యమేమీ కాదు, మామూలు అక్షరాలే. `:put q` అంటే అవి ఫైల్లోనే ఒక కొత్త లైనుగా దిగుతాయి:

```
0"tdexi('^[A', '^["tpA'),^[j
```

`^[` అని కనిపించేది ఎస్కేప్ కీ. చూడటానికి రెండు గుర్తులైనా లెక్కకి ఒక్కటే అక్షరం. (కొత్తగా పెట్టాలంటే టైపు చేసే స్థితిలో కంట్రోల్-వి నొక్కి ఎస్కేప్ నొక్కాలి.) ఇప్పుడు మార్చాల్సింది ముందున్న నాలుగైదు అక్షరాలే. ఊరి పేరుని ముందునుంచి లెక్కపెట్టే బదులు వెనకనుంచి రావాలి. కోడులో ఎప్పుడూ ఖాళీ ఉండదు కాబట్టి, లైను చివరికి వెళ్ళి, వెనక్కి మొదటి ఖాళీ దగ్గర ఆగి, అక్కడినుంచి లైను మొదటిదాకా కత్తిరిస్తే ఊరి పేరు ఎన్ని పదాలున్నా మొత్తం వస్తుంది:

```
$F "td0xi('^[A', '^["tpA'),^[j
```

`F` తర్వాత ఉన్న ఖాళీ కూడా ఆజ్ఞలో భాగమే. మార్చాక `0"qy$` అంటే ఈ లైను తిరిగి `q` అరలోకి వెళ్తుంది, కొత్త మాక్రో సిద్ధం. ఫైల్లో మిగిలిన ఆ లైనుని `dd`తో తీసేయొచ్చు. ఇక్కడ అలవాటు కొద్దీ `"qyy` అనకూడదు. అలా అంటే లైను చివర ఎంటర్ కూడా మాక్రోలో చేరుతుంది. ఎంటర్ అంటే విమ్‌కి కింది లైనుకి వెళ్ళమనే అర్థం. ముందే `j` ఉంది, దానికి ఇది తోడైతే ప్రతిసారీ రెండు లైన్లు దిగుతుంది. లైను విడిచి లైను మారుతోందంటే కారణం సాధారణంగా ఇదే.

కొత్త మాక్రోకి ఇంకో లాభం ఉంది. మధ్యలో ఖాళీ లైను తగిలితే `F`కి వెతికే ఖాళీ దొరకదు, మాక్రో అక్కడే ఆగిపోతుంది. ఫైలు చివరి లైనులోనూ కిందికి దిగే వీల్లేక `j` దగ్గర ఆగుతుంది. అందుకే లైన్లు ఎన్నో తెలియకపోయినా `999@q` అని ధైర్యంగా అనొచ్చు. ఆగకుండా ఖాళీ లైన్లని దాటుకుంటూ పోవాలంటే దారి వేరు:

```
:3,400normal @q
```

ఇది ప్రతి లైనునీ విడిగా తీసుకుంటుంది. ఒకదాంట్లో మాక్రో ఆగితే ఆ లైనుని వదిలి తర్వాతదానికి వెళ్తుంది. లైను నుంచి లైనుకి పోవడం దాని పనే కాబట్టి మాక్రో చివర `j` ఉన్నా లేకపోయినా ఒకటే.

మాటలూ మాక్రోలూ ఒకే అరల్లో ఉండటంలో ప్రమాదమూ ఉంది. `q` బదులు పొరపాటున `@t` నొక్కామనుకోండి. `t`లో ఉన్నది ఊరి పేరు, విమ్‌కి అది తెలియదు. `Warangal`ని ఆజ్ఞల వరసగానే చదువుతుంది: `W` తర్వాతి పదానికి దూకుతుంది, `a` టైపు చేసే స్థితిలోకి తెస్తుంది, మిగిలిన `rangal` ఫైల్లో టైపైపోతుంది. `Guntur` అయితే ఇంకా దారుణం. `G` ఫైలు చివరికి తీసుకెళ్తుంది, `u` అప్పటిదాకా చేసిన చివరి మార్పుని వెనక్కి తీసేస్తుంది. మాక్రోలకి ఎప్పుడూ `q`, మాటలకి మిగిలిన అక్షరాలు అని ఒక కట్టుబాటు పెట్టుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. తెలుగులో టైపు చేసేవాళ్ళకి ఇంకో చిక్కు: కీబోర్డు తెలుగులో ఉండగా `d` నొక్కితే విమ్‌కి చేరేది తెలుగు అక్షరం, అది ఏ ఆజ్ఞా కాదు. రికార్డు మొదలుపెట్టే ముందు కీబోర్డు ఇంగ్లీషులోకి మార్చుకోవాలి.

అసలు వీఐలో `@` ఉంది కానీ రికార్డు చేసే `q` లేదు. అప్పట్లో ఆజ్ఞలని ఫైల్లోనే మాటలుగా రాసి, అరలోకి కత్తిరించి, `@`తో నడిపించేవాళ్ళు. ఇందాక మనం మాక్రోని సరిచేసిన పద్ధతి దాదాపు అదే.

పెద్దక్షరాల సంగతి ఒకటి మిగిలింది. అర పేరు చిన్నక్షరంలో చెబితే పాతది పోయి కొత్తది వస్తుంది, పెద్దక్షరంలో చెబితే పాతదాని చివర చేరుతుంది. వెయ్యి లైన్ల లాగ్ ఫైల్లో అక్కడక్కడా ఉన్న ఎర్రర్ లైన్లన్నీ ఒకచోట కావాలంటే ముందు `qaq` అని నొక్కి `a` అరని ఖాళీ చేసి, ఈ ఆజ్ఞ ఇవ్వాలి:

```
:g/ERROR/yank A
```

తర్వాత ఎక్కడైనా `"ap` అంటే అన్నీ వరసగా దిగుతాయి, పైన ఒక ఖాళీ లైను రావచ్చు. రికార్డింగుకీ ఇదే పద్ధతి. మాక్రో చివర ఒక అడుగు మర్చిపోతే `qQ` నొక్కి ఆ ఒక్క అడుగూ చేసి `q` నొక్కితే, అది పాత మాక్రో చివర చేరుతుంది.