సరుకు గోడౌన్‌లో, ఇన్సెంటివ్ జేబులో

సెప్టెంబర్ చివరి వారంలో వరంగల్‌లో ఏ పురుగుమందుల డీలరు దగ్గర కూర్చున్నా ఇలాంటి మాట వినపడుతుంది. "అన్నా, టార్గెట్‌కు మూడు లక్షలు తక్కువ పడ్డది. ఈ ఒక్కసారి బిల్లు వేస్కో. అమ్ముడు పోకపోతే డిసెంబర్ల నేనే వాపస్ తీస్కపోత." డీలరు కాసేపు గునుస్తాడు. తర్వాత ఒప్పుకుంటాడు, రేపు సీజన్‌లో ఈ కంపెనీ మనిషితో ఆయనకీ పనుంటుంది కదా. పత్తి మీద మందు కొట్టే రోజులు చాలావరకు అయిపోయాక మూడు లక్షల సరుకు గోడౌన్ చేరుతుంది. కంపెనీ పుస్తకాల్లో అది అమ్మకం.

ఆ సేల్స్ ఆఫీసర్‌ని తిట్టుకునే ముందు అతని ఇన్సెంటివ్ కాగితం చూడాలి. అంకెలు నేను ఊహించి వేస్తున్నాను గానీ వాటి అమరిక చాలా కంపెనీల్లో కనిపించేదే. సీజన్ టార్గెట్ కోటి రూపాయలు. కోటి దాటితే 60 వేలు, దాటకపోతే సున్నా. 97 లక్షల దగ్గర ఆగిపోయినవాడికి మిగిలిన మూడు లక్షల విలువ 60 వేలు, అంటే నూటికి ఇరవై. అదే మనిషికి జూన్‌లో అమ్మిన మొదటి మూడు లక్షల మీద వచ్చేది ఏమీ లేదు. రైతు దగ్గరికెళ్లి మందు పనితనం చూపించే జూన్ పనికి విలువ లేకుండా చేసి, బతిమాలుకునే సెప్టెంబర్ పనికి అంత ధర కట్టింది కంపెనీయే.

తర్వాతి కథ వ్యాపారంలో ఉన్నవాళ్లకి తెలిసిందే. కొంత సరుకు డిసెంబర్‌లో వెనక్కి వస్తుంది. రానూపోనూ లారీ కిరాయి కంపెనీదే. పురుగుమందుకి సాధారణంగా రెండేళ్ల గడువు కాబట్టి ఒక సీజన్ వృథాగా పోయిన డబ్బా తర్వాతి సీజన్‌లో అమ్మడం కష్టమవుతుంది. వెనక్కి ఇవ్వని డీలరు ఇంకో దారి చూసుకుంటాడు, పక్క జిల్లాలో ధర తగ్గించి వదిలించుకుంటాడు. అక్కడి డీలరు తన ఆఫీసర్ మీద విరుచుకుపడతాడు. ఇద్దరు ఆఫీసర్లూ ఒకే కంపెనీ మనుషులే, కానీ ఆ రోజు నుంచి ఒకరి ఫోన్ ఒకరు ఎత్తరు. ఇక మూడో దారిలో నష్టపోయేది రైతు. పేరుకుపోయిన మందుని అవసరం ఉన్నా లేకపోయినా "ఇది కూడా కలిపి కొట్టు" అని అంటగడతారు.

ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకి ఎనిమిది రకాల ఖాతాలో, కార్డులో అమ్మాలని సిబ్బందిని తరిమింది. వాళ్లు ఖాతాదారులకి తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకు మీద 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. కొన్నేళ్లలో 5,300 మంది దాకా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అంతమందిని తీసేశాక గానీ బ్యాంకు ఆ టార్గెట్లని ఎత్తివేయలేదు.

మన ఆఫీసర్ కాగితాన్ని తిరగరాద్దాం. మొదట మార్చాల్సింది దేన్ని అమ్మకం అంటామన్నది. ఈ రంగంలో డీలరుకి చేరిన సరుకుని ప్లేస్‌మెంట్ అనీ, డీలరు దగ్గర్నుంచి రైతుకి చేరినదాన్ని లిక్విడేషన్ అనీ అంటారు. ఇన్సెంటివ్ రెండోదాని మీద ఉండాలి. సీజన్ మొదట్లో డీలరు దగ్గరున్న నిల్వకి కంపెనీ పంపింది కలిపి, వెనక్కి వచ్చిందీ చివర మిగిలిందీ తీసేస్తే వచ్చేది అదే. చివరి నిల్వని ఆ ఆఫీసరే లెక్కపెట్టకూడదు. పక్క ఏరియా ఆఫీసర్ వచ్చి డబ్బాలు ఎంచి, డీలరు సంతకం తీసుకోవాలి. దీనికి కొంత ఖర్చవుతుంది, కొందరు డీలర్లు గోడౌన్ తాళం తీయడానికి ఇష్టపడరు. అయినా డిసెంబర్‌లో వెనక్కొచ్చే లారీల కంటే ఈ ఖర్చు తక్కువే.

రెండోది, ఆ కోటి దగ్గరున్న గోడని కూల్చాలి. 70 లక్షల నుంచి మొదలుపెట్టి, పైన అమ్ముడైన ప్రతి లక్షకీ రెండు వేలు ఇద్దాం. కోటికి చేరితే పాత 60 వేలే వస్తుంది, కంపెనీకి అదనపు భారం లేదు. కానీ చివరి మూడు లక్షల విలువ ఇప్పుడు ఆరు వేలే. ఆరు వేల కోసం డీలరు కాళ్లు పట్టుకునేవాడు అరుదు. 90 లక్షల దగ్గర ఆగినవాడికీ 40 వేలు అందుతాయి. అందులో 24 వేలు సీజన్ అయ్యాక ఇచ్చి, మిగతా 16 వేలని వసూళ్లతో ముడిపెట్టవచ్చు. డీలర్ల బాకీలో ముప్పాతిక వంతే వస్తే అందులోనూ ముప్పాతిక, అంటే 12 వేలు. అప్పు మీద సరుకు కుమ్మరించే ఉబలాటం దీంతో చాలావరకు తగ్గుతుంది.

కోటి దాటాక కూడా అదే రేటు సాగనివ్వాలని నా అభిప్రాయం. పైన కప్పు వేస్తే ఆఫీసర్ ఆర్డర్లని వచ్చే సీజన్‌కి దాచుకుంటాడు. అయితే 2021లో మిరప మీద కొత్త రకం తామర పురుగు విరుచుకుపడినట్టు ఏ ఏడాదైనా తెగులు తిరగబడితే, ఆఫీసర్ కదలకపోయినా మందులు అమ్ముడవుతాయి. ఆ అదృష్టానికి ఒకసారి డబ్బివ్వడం తప్పు కాదు. ఆ అంకెనే మరుసటి ఏడాది టార్గెట్‌గా పెట్టడం తప్పు. బాగా అమ్మినందుకు శిక్ష పడుతుందని తెలిస్తే ఎవరూ బాగా అమ్మరు.

జట్టు సంగతి కాస్త చిక్కైనది. అందరికీ కలిపి ఒకే కుండ పెడితే, యాభై మందిలో ఒకడు పని మానేసినా వాడి వాటా పెద్దగా తగ్గదు. అందుకే చిన్న జట్టు కావాలి. ఒక ఏరియాలోని ఐదుగురు ఆఫీసర్ల ఇన్సెంటివ్‌లో నాలుగో వంతుని ఆ ఐదుగురి మొత్తం లిక్విడేషన్‌కి కట్టి, సమానంగా పంచితే సరిపోతుంది. అప్పుడు జట్టులో ఒకరి సరుకు ఇంకొకరి జిల్లాలోకి జారితే, జట్టు మొత్తానికి కొత్తగా కలిసొచ్చేదేమీ ఉండదు. పొలాల్లో మందు కొట్టి చూపించే ఫీల్డ్ అసిస్టెంట్లకీ ఇందులో వాటా ఉండాలి, గిరాకీ పుట్టించేది వాళ్లే. మొదటి ముగ్గురికి బ్యాంకాక్ ట్రిప్ లాంటి పోటీలు మాత్రం వద్దు. ఏ మందు ఏ పురుగు మీద బాగా పనిచేసిందో తెలిసినవాడు, ఆ ట్రిప్ కోసం నోరు మూసుకుంటాడు. ట్రిప్ పెట్టి తీరాలంటే, ఒక గీత గీసి దాటినవాళ్లందరినీ తీసుకెళ్లండి.

పథకం చెడిందో లేదో తెలుసుకోవడానికి రెండు కాగితాలు చాలు. ఒకటి రోజువారీ బిల్లింగ్. నెలలో సగం బిల్లులు ఆఖరి ఐదు రోజుల్లోనే పడి, తర్వాత వాపసులు పెరిగాయంటే డీలర్ల మీద సరుకు రుద్దుతున్నట్టే. రెండోది ఆఫీసర్ల ఫలితాలు. వంద శాతానికీ నూట రెండు శాతానికీ మధ్య పెద్ద గుంపు ఉండి, తొంభై ఐదుకీ వందకీ మధ్య దాదాపు ఎవరూ లేకపోతే అది కష్టఫలం కాదు, గోడ దూకడం.

ఇంత మార్చి కూడా చాలా కంపెనీలు ఒకటి వదిలేస్తాయి, పై మేనేజర్ ఇన్సెంటివ్. ఆఫీసర్‌ని లిక్విడేషన్ మీద కొలిచి, మేనేజర్‌ని ఇంకా ప్లేస్‌మెంట్ మీదే కొలుస్తుంటే, సెప్టెంబర్ 29 రాత్రి ఆఫీసర్‌కి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ముందు కింద రాసుకున్న నియమాలేవీ నిలవవు. పథకం రాసే యజమానులు మొదట మార్చాల్సింది మేనేజర్ కాగితాన్నే.