వీసా మీద ఉన్నవాళ్లకు కారు: లీజా, కొనుగోలా?

అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవారి ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే అదీ ఉండదు. కారు లీజు మాత్రం సాధారణంగా 36 నెలలకు రాసుకుంటారు. ఉద్యోగం పోయిందనో, వీసా అయిపోయిందనో ఆ ఒప్పందం దానంతటదే రద్దు కాదు. తరచూ ఉద్యోగాలూ దేశాలూ మారేవాళ్లు నెల వాయిదా కన్నా ముందు చూసుకోవలసింది, మధ్యలో వదిలేస్తే ఎంత పోతుందన్నది.

లీజులో మీరు కట్టేది కారు పూర్తి ధర కాదు. మూడేళ్లలో కారు విలువ ఎంత తగ్గుతుందో కంపెనీ ముందే అంచనా వేసి, ఆ తరుగుదలను నెలలకు పంచి, దానికి వడ్డీ కలుపుతుంది. 30,000 డాలర్ల కారుకు మూడేళ్ల తర్వాత 18,000 విలువ ఉంటుందని లెక్కేశారనుకుందాం. తరుగుదల 12,000 అంటే నెలకు 333 డాలర్లు. వడ్డీ ఏడాదికి 6 శాతం చొప్పున నెలకు మరో 120. మొత్తం 453, ఆపైన పన్ను. అదే కారుకు 7 శాతం వడ్డీతో అయిదేళ్ల లోను తీసుకుంటే నెలకు 594 అవుతుంది. ఇక్కడే చాలామంది లీజు వైపు మొగ్గుతారు.

ఇప్పుడు 14 నెలలకే దేశం వదలాల్సి వచ్చిందనుకుందాం. అప్పటికి కారు మార్కెట్లో 23,000 పలుకుతోంది. లీజు తీసుకున్నవారు అప్పటికే దాదాపు 6,340 డాలర్లు కట్టారు. కంపెనీ లెక్కలో ఇంకా 25,500 దాకా బాకీ ఉంటుంది. కంపెనీ కారు వెనక్కి తీసుకుని, దాని విలువ పోను మిగిలిన 2,500నూ, రద్దు రుసుమునూ మీ మీద వేస్తుంది. మొత్తం ఖర్చు 9,000 దాటుతుంది. లోనుతో కొన్నవారు కట్టింది 8,316. మిగిలిన అప్పు 23,900. కారు అమ్మితే ఇంకో 900 చేతి నుంచి పడుతుంది. వీరికీ దాదాపు 9,200 పోయింది.

అంటే కొత్త కారైతే లీజయినా లోనయినా నష్టం ఒక్కటే. తేడా వచ్చేది పాత కారుతో. అయిదేళ్లు వాడిన మంచి కారును 15,000 పెట్టి కొని, అదే 14 నెలలకు 12,500కి అమ్మి, మధ్యలో రిపేర్లకు వెయ్యి పెట్టినా పోయేది 3,500. విలువ ఎక్కువగా పడిపోయే మొదటి ఏళ్ల నష్టం మొదటి యజమానే భరించాడు కాబట్టి ఈ తేడా.

అమ్మకంలో స్వేచ్ఛ కూడా తక్కువ విషయం కాదు. సొంత కారును ఎవరికైనా అమ్ముకోవచ్చు. లోను ఉంటే బ్యాంకు నుంచి, ఎంత కడితే అప్పు తీరుతుందో చెప్పే పత్రం తెప్పించుకోవాలి. కార్‌మాక్స్ లాంటి పెద్ద సంస్థకు అమ్మితే ఆ అప్పును వాళ్లే నేరుగా బ్యాంకుకు కట్టేస్తారు. లీజు కారు మాత్రం మీది కాదు. కొన్ని లీజు కంపెనీలు బయటి డీలర్లకు అమ్మనివ్వవు. లీజును మరొకరి పేరుకు మార్చడానికి కొన్ని ఒప్పుకోవు. ఇంకొన్ని ఒప్పుకున్నా, కొత్త వ్యక్తి కట్టకపోతే మిమ్మల్నే అడుగుతాయి. కారు వదిలేసి విమానం ఎక్కితే బాకీ వసూలు సంస్థల చేతికి వెళ్తుంది, క్రెడిట్ స్కోరు పడిపోతుంది. మళ్లీ అమెరికా వచ్చి ఇల్లు అద్దెకు అడిగిన రోజున అది ఎదురొస్తుంది.

ఈ ప్రమాదాన్ని ఒప్పందమే చెబుతుంది. అమెరికా చట్టం ప్రకారం మామూలు వాహన లీజు పత్రంలో ముందస్తు రద్దు గురించి ఒక హెచ్చరిక ఉండి తీరాలి. రద్దు రుసుము కొన్ని వేల డాలర్ల దాకా ఉండొచ్చనీ, ఎంత ముందుగా ముగిస్తే అంత ఎక్కువయ్యే అవకాశం ఉందనీ అందులో రాసి ఉంటుంది. సంతకానికి ముందు ఆ పేరా దగ్గర ఆగి, ‘పన్నెండో నెలలో వదిలేస్తే ఎంత కట్టాలి?’ అని డీలర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

లీజు ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. కంపెనీ బదిలీ మీద మూడేళ్లకు వచ్చి, కారు ఖర్చు కంపెనీయే భరిస్తుంటే లీజు హాయి. ఏడాది పాటే ఉంటామని తెలిస్తే, పన్నెండు నెలలే మిగిలిన ఇంకొకరి లీజును తీసుకోవచ్చు. అయితే మైళ్ల పరిమితిలో ఎంత మిగిలిందో ముందే చూడాలి. పరిమితి దాటితే చాలా ఒప్పందాల్లో మైలుకు 15 నుంచి 30 సెంట్లు పడుతుంది.

ఎంతకాలం ఉంటామో కచ్చితంగా చెప్పలేనివాళ్లకు మాత్రం తేలిగ్గా అమ్ముడుపోయే పాత కారే మేలు. ప్రయాణం ఖాయమైన వారమే అమ్మకానికి పెట్టండి. ఈలోపు పని పూర్తికాకపోతే నమ్మకమైన మిత్రుడి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి వెళ్లండి.